బువ్వ పెట్టండి, ఇజ్జత్ తీయకండి!

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అన్నలారా! అక్కలారా! అవ్వలారా, తాతలారా!

మొన్న కోరుట్లలో ఒక అవ్వ మా ముందు కూర్చుని ఏడ్చింది. బీడీలు చుట్టే అవ్వ. చాట ఒళ్లో పెట్టుకుని పొద్దంతా వంగి కూర్చుంటేనే ఇల్లు నడుస్తుంది. ఆ వారం జ్వరం. చాట ముట్టలేదు, పొయ్యి వెలగలేదు. గల్లీ మొగదల ఎవరో అన్నం పొట్లాలు పంచుతున్నారంటే పోయి లైన్లో నిలబడ్డది. తప్పా? ఆకలైతే నిలబడమా?

ఆమె చేతికి ఒక్క పొట్లం వచ్చింది. ఆ ఒక్క పొట్లం మీద ఆరు చేతులు! ఎదురుగా మూడు ఫోన్లు! "అవ్వా, ఇటు చూడు. పొట్లం కొంచెం మీదికి పట్టు. ఒక్కసారి నవ్వు. సార్‌కు థాంక్స్ చెప్పు." అవ్వ అన్నీ చేసింది. చెయ్యకపోతే పొట్లం వెనక్కి తీసుకుంటారేమోనని భయం!

రెండు రోజులు గడవలేదు. దుబాయి నుంచి కొడుకు ఫోన్. "అమ్మా, నేను పంపే పైసలు ఏం జేస్తున్నవే? క్యాంపుల మా రూమోళ్లందరు చూసిన్రు. తల ఎత్తుకోలేకపోతున్న." ఆ వీడియో గ్రూపు నుంచి గ్రూపుకు దుంకి, సముద్రం దాటి, కొడుకు మంచం కాడికి చేరింది. పొట్లంలో అన్నం ఎట్లుందో అవ్వ మాకు చెప్పలేదు. కొడుకు అన్న మాటే చెప్పింది. ఒక పూట అన్నానికి ఇంత ధరా?

ఈ బాధ ఆమె ఒక్కదానిదే అనుకుంటున్నారా? సిరిసిల్ల సాంచల మీద బతికేవాళ్లను అడగండి. 2024 మొదట్లో సాంచలు ఆగిపోయినప్పుడు కార్ఖానాల చప్పుడు లేక గల్లీలు ఎట్లా మూగబోయాయో మనందరికీ యాదికుంది. పని బంద్ అయితే కార్మికుడి ఇల్లు దేని మీద నడుస్తుంది? కిరాణా దుకాణంలో ఉద్దెర ఖాతా మీద! ఆ మనిషి అన్నం లైన్లో నిలబడ్డ వీడియో దుకాణందారు ఫోన్లో కనబడితే ఏమవుతుంది? "వీనికే తిండి లేదు, నా బాకీ ఎక్కడి నుంచి కడతడు?" అనుకుంటాడు. ఖాతా బంద్! ఒక పూట అన్నం పెట్టినవాళ్లు తమకు తెలియకుండానే ముప్పై పూటల బియ్యం ఆపినట్టు కాదా? బిడ్డకు సంబంధం చూడటానికి వచ్చేవాళ్ల ఫోన్లో అదే వీడియో ఉంటే? బడిలో పిల్లవాడిని తోటి పిల్లలు "మీ నాయిన వీడియోల ఉన్నడురా" అని గేలి చేస్తే? పట్నంలో అయితే జనంలో కలిసిపోతాం. మన ఊళ్లలో ఎవరి బిడ్డ, ఎవరి కోడలు, ఏ వాడ అని పేరు పెట్టి చెబుతారు. దాచుకునే చోటే లేదు!

మన గడ్డ సంగతి మరిచిపోయామా? 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో కూలీలు, రైతులు వేలల్లో కదిలి జైత్రయాత్ర చేశారు. దొర ముందు వంగి "నీ బాంచన్ కాల్మొక్త" అనే బతుకు ఇక వద్దని కదిలారు. అంత కొట్లాడి వదిలించుకున్న మాటను, ఇవాళ ఫోన్ ముందు "సార్‌కు థాంక్స్ చెప్పు" అని మళ్లీ అనిపిస్తామా? చేతిలో పళ్లెం పెట్టి దండం పెట్టించుకోవడం సేవ ఎట్లా అవుతుంది?

అన్నం పెట్టే తమ్ముళ్లారా, మీ మీద మాకు కోపం లేదు. మీరు మనోళ్లే. సొంత జేబుల్లోంచి పెట్రోలు పోసుకుని, ఎండలో నిలబడి వడ్డిస్తున్నారు. వీడియో ఎందుకు తీస్తున్నారో కూడా మాకు ఎరుకే. మస్కట్ నుంచి ఒకన్న ఐదు వేలు పంపిస్తాడు. "నా పైసలు ఏమైనయి?" అని అడిగే హక్కు ఆయనకు ఉంది. అరబ్బు ఎండల్లో చెమటోడ్చిన పైసలవి. మొన్న ఎవరో చందాలు తీసుకుని మింగారని విన్నాడు, అందుకే రుజువు కావాలంటాడు. న్యాయమే! అందుకే వీడియో తీయొద్దని మేము అనడం లేదు. రుజువు దేనికి కావాలో చూసుకోండి అంటున్నాం. బియ్యం కొన్నామని రుజువు కావాలి. వండామని కావాలి. ఇంతమంది తిన్నారని కావాలి. ఈ మూడింట్లో దేనికైనా అవ్వ ముఖం అవసరమా?

గోదావరి జిల్లా లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ అని ఒక తల్లి ఉండేది. 1841లో పుట్టి 1909లో కన్నుమూసింది. వేళ కాని వేళ వచ్చినవాళ్లకు కూడా పొయ్యి రాజేసి అన్నం పెట్టింది. ఆమె పేరు ఏడో ఎడ్వర్డ్ చక్రవర్తి దాకా పోయిందని, పట్టాభిషేక ఉత్సవాలకు పిలుపు వచ్చిందని, రానంటే ఫోటో అయినా ఇమ్మన్నారని, ఆమె ఆ ఫోటోకు కూడా ఇష్టపడలేదని ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చూడండి! అడిగింది పెట్టిన తల్లి ఫోటో. ఆమె అరుగు మీద కూర్చుని తిన్నవాళ్ల ఫోటో ఎవరూ అడగలేదు. వందేళ్లు దాటినా ఆమె అన్నం పెట్టిందని నమ్మడానికి తిన్నవాళ్ల ముఖాలు ఎవరికైనా కావాల్సి వచ్చాయా?

అది పాత కాలం అంటారా? సరే, యూట్యూబ్ కాలానికే వద్దాం. మన తెలంగాణ తాత నారాయణ రెడ్డి! 2017లో మొదలైన 'గ్రాండ్‌పా కిచెన్' ఛానెల్ తాత. ఆరుబయట కట్టెల పొయ్యి, పెద్ద గిన్నె, తెల్ల గడ్డం. వండింది అనాథ పిల్లలకు పెట్టేవాడు. 2019 అక్టోబర్ 27న 73 ఏళ్ల వయసులో చనిపోయే నాటికి అరవై లక్షల మందికి పైగా ఆ ఛానెల్‌ను పట్టుకుని ఉన్నారు. ఆ వీడియోల్లో జనం కళ్లప్పగించి చూసింది దేన్ని? మంటను! ఉల్లిగడ్డలు కోసే కత్తిని! గిన్నెలో తిరిగే గంటెను! వీడియోలో చాలాభాగం వంటే. చివర్లో పిల్లలు తినే ముఖాలు కూడా చూపించేవాళ్లు, ఆ ఒక్క ముక్క దగ్గర మేము ఒప్పుకోం. ఆ ముక్క తీసేసినా తాత వీడియో ఆగుతుందా? ఆగదు. వంటే కథ, ఆకలి ముఖం కాదు. మనం పట్టుకోవాల్సింది ఈ కిటుకునే.

ఎట్లా తీయాలో ఇప్పుడు చెప్పుకుందాం. నూట యాభై మందికి ఒక పూట అన్నం పెడుతున్నారనుకోండి. కష్టం చేసే మనుషులు, కడుపునిండా తింటారు. ఇరవై కిలోల బియ్యం, ఐదు కిలోల కందిపప్పు, పది కిలోల కూరగాయలు, చల్ల చేయడానికి పెరుగు. పొద్దుగాల్నే మొదటి ముక్క తీయండి: బియ్యం బస్తా కాంటా మీద, పక్కన దుకాణం బిల్లు. అంకె కనబడాలి. నాలుగు సెకన్లు చాలు. మస్కట్ అన్నకు సగం జవాబు అక్కడే దొరికింది!

తర్వాత పొయ్యి దగ్గర కూర్చోండి. ఎసరు మరిగే చప్పుడు, గంజి వంచేటప్పుడు లేచే ఆవిరి, పోపులో ఎండుమిరపకాయ చిటపట. అన్నీ దగ్గర నుంచి, ఫోన్ కదపకుండా. ఆ చప్పుళ్లే ఉంచండి. ఏడుపు వయొలిన్ దేనికి? పోపు చప్పుడు కన్నా నోరూరించే పాట ఉందా? వండే అక్క ఒప్పుకుంటే ఆమె ముఖం మంచిగా చూపించండి. ఆమె చేసిన పనిని ఆమె పేరు మీదనే నిలబెట్టండి. పని చేసే మనిషిని చూపిస్తే గౌరవం. ఆకలితో చెయ్యి చాచిన మనిషిని చూపిస్తే అవమానం. ఈ తేడా చిన్నదా?

ఇక వడ్డించే వేళ. తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. ఫోన్ పట్టుకున్న తమ్ముడు లైన్‌కు ఎదురుగా నిలబడొద్దు. వడ్డించే మనిషి భుజం పక్కన నిలబడు. ఫోన్ ఛాతీ ఎత్తులో పట్టి, కిందికి వంచు. నీ ఫ్రేములో గిన్నె, గంటె, ఇస్తరాకు, ఆకు పట్టుకున్న వేళ్లు మాత్రమే ఉండాలి. మణికట్టు దాటొద్దు! ఎందుకు? మన అవ్వల ముంజేతి మీద పచ్చబొట్టు ఉంటుంది. దాన్ని చూసి ఊరంతా గుర్తుపడుతుంది. ఫోన్‌ను 0.5 లో పెట్టొద్దు, 1x లోనే ఉంచు. 0.5 లో పెడితే నువ్వు గిన్నెను చూస్తున్నావనుకుంటావు, పక్కన నిలబడ్డ పది మంది ముఖాలు మూలల్లో పడతాయి. ఇంకొకటి, కొత్త స్టీలు గిన్నె అద్దం లాంటిది. వంగిన ముఖం అందులో మెరుస్తుంది. అప్‌లోడ్ చేసే ముందు ఆపి ఆపి చూడు. ఒక్కసారి గంటె ముంచే ముక్క దొరికిందా? చాలు! ఫోన్ జేబులో పెట్టు. నువ్వూ ఒక గంటె అందుకుని వడ్డించు. లైవ్ మాత్రం వద్దే వద్దు. లైవ్‌లో పడ్డ ముఖాన్ని వెనక్కి తెచ్చే కత్తెర ఎవరి దగ్గరా లేదు.

అందరూ తిన్నాక చివరి ముక్క: ఖాళీ గిన్నె, మిగిలిన ఆకుల కట్ట. రెండు వందల ఆకులు తెచ్చారు. నలభై ఎనిమిది మిగిలాయి. రెండు చిరిగిపోయాయి. అంటే నూట యాభై మంది తిన్నారు. కట్టను ఫోన్ ముందే లెక్కపెట్టండి, కాగితం మీద రాసి చూపించండి. ఒక్క ముఖం లేదు. ఒక్క పేరు లేదు. లెక్క మాత్రం అణా పైసలతో సహా ఉంది! అంతా కలిపి నిమిషంలోపే వీడియో. పైసలు తక్కువపడి పెరుగు కొనలేకపోతే అది కూడా చెప్పండి. అన్నీ బాగున్నాయని చెప్పే వీడియో కన్నా, "చల్ల పోయలేకపోయినం" అని చెప్పే వీడియోను దాత ఎక్కువ నమ్ముతాడు.

"మేము ముఖాలు మసక చేస్తున్నాం కదా?" అంటున్నారు కొందరు. అన్నా, టీవీలో ముఖం మసక చేసి ఎవరిని చూపిస్తారు? దొంగతనం కేసులో పట్టుబడ్డవాడిని! అన్నం తిన్న మనిషికి ఆ ముసుగు వేస్తారా? అదీ గాక మన ఊళ్లలో ముఖం ఎవరికి కావాలి? నడక చూసి చెబుతారు. చీర చూసి చెబుతారు. వెనక కనబడే దుకాణం బోర్డు చూసి ఏ వాడో చెబుతారు. గొంతు వింటే అసలు ఆగరు. మసక చేసే పని పెట్టుకునే కన్నా తీసేటప్పుడే ఫోన్ కిందికి వంచడం తేలిక కాదా? వీడియో కింద ఊరి పేరు చాలు. గల్లీ పేరు వద్దు. మళ్లీ ఎప్పుడు, ఎక్కడ పెడతారో అవసరమున్నవాళ్లకు నోటితో చెప్పండి, చిన్న కాగితం మీద రాసివ్వండి. వీడియో పెట్టేది కూడా అదే రోజు వద్దు, వారం ఆగి పెట్టండి. తీసిన ముక్కల్లో ఎవరి ముఖమైనా పడితే ఫోన్లోంచి తుడిచేయండి. ట్రాష్‌లో కూడా ఉంచొద్దు.

"అడిగే తీసినం, ఒప్పుకున్నరు" అంటారు మరికొందరు. ఎప్పుడు అడిగారు? పళ్లెం మీ చేతిలో ఉన్నప్పుడు! ఆకలి మీదున్న మనిషి పళ్లెం పట్టుకున్నవాడికి వద్దని చెబుతాడా? అది ఒప్పుకోలు కాదు, మొహమాటం. నిజంగా ఎవరైనా మాట్లాడతానంటే, తిని చేతులు కడుక్కున్నాక అడగండి. వడ్డించిన మనిషి కాకుండా వేరే మనిషి అడగాలి. "వద్దంటే రేపు కూడా ఇదే అన్నం, ఇదే వడ్డన" అని ముందే చెప్పాలి. తీసింది వాళ్లకే చూపించాలి. రేపు ఫోన్ చేసి "తీసేయండి" అంటే కారణం అడగకుండా తీసేయాలి. కానీ మీ పేజీలోంచి తీసేసినా, వాట్సాప్‌లో ఊర్లు తిరిగింది తిరుగుతూనే ఉంటుంది. ఈ సంగతి కూడా దాచకుండా చెప్పి అప్పుడు అడగండి. తాగి ఉన్నవాళ్లను, మతి స్థిమితం లేనివాళ్లను అసలు అడగొద్దు.

పిల్లల ముఖాలైతే ఎవరు ఒప్పుకున్నా వద్దు! 2015 బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ తెలుసా? సంరక్షణ అవసరమైన పిల్లల మీద నడిచే విచారణల వార్తల్లో వాళ్ల పేరు, ఫోటో, గుర్తుపట్టే ఏ వివరమూ బయటపెట్టొద్దు. పెడితే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. విచారణ వార్తకే అంత కట్టుదిట్టం ఉంటే, హాస్టల్ పిల్లల చేతికి లడ్డూ ఇచ్చి తీసే మన రీల్‌కు ఎంత ఉండాలి? ఆ పిల్లవాడు పెద్దయి ఉద్యోగానికి పోయిన రోజున ఆ లడ్డూ వీడియో అతని వెంటే పోతుంది.

2020 లాక్‌డౌన్‌ గుర్తుందా? దేశమంతా పొట్లాలు, దేశమంతా సెల్ఫీలు. ఆ ఏప్రిల్‌లోనే అప్పటి రాజస్థాన్ ముఖ్యమంత్రి అశోక్ గెహ్లాట్ అన్నం, రేషన్ పంచే చోట ఫోటోలు తీయడం మీద నిషేధం పెట్టారు. ఇది సేవ, పోటీ కాదు, ప్రచారం కాదు అన్నారు. ఒక రాష్ట్రం ఆ మాట అనగలిగింది. మన మూడు ఊళ్లు అనలేవా?

ఇంక ప్రచారం సంగతి. వీడియో సేవను చూపిస్తున్నదా, సేవ చేసినవాళ్లను అమ్ముతున్నదా అని తెలుసుకునే ఉపాయం ఒకటి ఉంది. సౌండ్ బంద్ చేసి చూడండి. గడియారం పెట్టుకుని లెక్కపెట్టండి. నిమిషం వీడియోలో దాత ముఖం, ఫ్లెక్సీ, లోగో కలిపి ఎన్ని సెకన్లు? అన్నం ఎన్ని సెకన్లు? ఫ్లెక్సీ గెలిస్తే అది యాడ్! గిన్నె వెనక నాయకుడి బొమ్మతో ఫ్లెక్సీ కడితే, ఫోన్ ఎంత కిందికి వంచినా లాభం లేదు. దాత పేరు చెప్పొద్దని మేము అనం. తండ్రి యాదిలో అన్నం పెట్టించిన బిడ్డకు ఆ పేరు చూసుకోవాలని ఉంటుంది. చివర్లో, అక్షరాల్లో, ఒక్కసారి వేయండి. పొట్లం మీద మాత్రం అచ్చు వేయొద్దు. ఆ పొట్లం ఇంటికి పోతుంది. పక్కింటివాళ్లు చూస్తారు.

"ముఖాలు లేకుంటే ఎవరు చూస్తరు? లైకులు రావు" అంటారు. నిజమే తమ్మీ. కన్నీళ్ల ముఖానికి వచ్చినన్ని లైకులు గంటెకు రావు. మేము అబద్ధం చెప్పం. కానీ లైకులతో ఎసరు మరుగుతుందా? మనకు కావాల్సింది నెలనెలా ఐదు వందలు పంపే మనిషి. ఆ మనిషి అడిగేది లెక్క. బస్తా బరువు, బిల్లు, ఆకుల కట్ట. అది మన దగ్గర ఉంది!

జగిత్యాల టవర్ దగ్గర, కోరుట్ల బస్టాండ్‌లో, సిరిసిల్ల నేతన్నల వాడల్లో, వేములవాడ గుడి మెట్ల పక్కన రేపు ఎవరో ఒకరు అన్నం పంచుతారు. అక్కడ మీరు ఉంటారు. లైన్లో ఉన్నా సరే, వడ్డించే చోట ఉన్నా సరే, దారిన పోతూ ఆగినా సరే. ఫోన్ ఒక మనిషి ముఖం మీదికి లేస్తే ఊరుకోవద్దు. కొట్లాట వద్దు, తిట్లు వద్దు. దగ్గరికి పోండి. ఆ ఫోన్ పట్టుకున్న చేతిని మెల్లగా పట్టుకుని చెప్పండి:

"తమ్మీ, ఫోన్ గిన్నె మీదికి తిప్పు."

— అన్నం వండేటోళ్లు, వడ్డించేటోళ్లు, లైన్ల నిలబడి తిన్నోళ్లు
జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల